డ్యాష్‌బోర్డులో ‘పాలు తగ్గాయి’ అంటే నిజంగా తగ్గినట్టేనా?

*మాది కళ్యాణదుర్గం దగ్గర పాల సేకరణ ఆఫీసు. 14 కేంద్రాల వాళ్లు గూగుల్ ఫారంలో లీటర్లు పంపుతారు. దాన్ని లుకర్ స్టూడియోలో డ్యాష్‌బోర్డుగా పెట్టాను. పొద్దున తొమ్మిదికల్లా ‘పాలు తగ్గాయేంది’ అని మేనేజర్ ఫోన్, డెయిరీ స్లిప్పుతో లెక్క కలవలేదని ఇంకో ఫోన్. చూసేవాళ్లకు అర్థమయ్యేలా కింద ఏం రాసి పెట్టాలి?*
– కంప్యూటర్ ఆపరేటర్, అనంతపురం జిల్లా

మీ డ్యాష్‌బోర్డు కింద `Data Last Updated` అని ఒక టైము కనిపిస్తుంది కదా, సగం గొడవ దానితోనే. తొమ్మిదీ ఐదు అని ఉంటే అప్పటిదాకా వచ్చిన పాలన్నీ లెక్కలో ఉన్నాయని చూసేవాళ్లు అనుకుంటారు. నిజానికి అది రిపోర్టు మీ షీటును చివరిసారి చదివిన టైము. షీటులో ఎవరు ఎంత రాశారన్నదానితో దానికి సంబంధం లేదు. గూగుల్ షీట్స్‌కు ఈ చదవడం మామూలుగా 15 నిమిషాలకోసారి జరుగుతుంది. డేటా సోర్స్ ఎడిట్ పేజీలో `Data freshness` దగ్గర చూడండి, ఎవరైనా దాన్ని 12 గంటలకు మార్చి ఉంటే ముందు సరిచేయండి.

కానీ అసలు ఆలస్యం కేంద్రాల దగ్గర. ఉదాహరణకు తొమ్మిదింటికి 11 కేంద్రాల ఫారాలే వచ్చాయి, మొత్తం 2,310 లీటర్లు. నిన్న పొద్దుటి మొత్తం 2,950. మేనేజర్ కంటికి 640 లీటర్లు పోయినట్టే, టెన్షన్ పడక ఏం చేస్తాడు? అవే 11 కేంద్రాలు నిన్న ఇచ్చింది 2,290. అంటే 20 లీటర్లు పెరిగాయి! మిగతా మూడు కేంద్రాలవి 655 వచ్చి చేరాక 2,965 అవుతుంది.

అందుకే మొత్తం పక్కనే రెండు చిన్న పెట్టెలు పెట్టండి. ఎన్ని కేంద్రాల లెక్క వచ్చిందో ఒకటి, చివరి ఫారం ఎప్పుడు అందిందో ఇంకొకటి. మీ షీటులో కాలమ్ పేర్లు Centre, Timestamp అయితే లుకర్‌లో ఈ రెండు ఫీల్డులు చాలు:

```
COUNT_DISTINCT(Centre)
MAX(Timestamp)
```

తేదీ ఈరోజు, పూట ఉదయం అని ఫిల్టర్ పెట్టడం మరవొద్దు. ఒక చిక్కుంది: సిగ్నల్ లేక ఒకే ఫారం రెండుసార్లు పంపితే కేంద్రాల సంఖ్య మారదు గానీ లీటర్లు రెట్టింపవుతాయి. అది షీటు చూసి మీరే తీసెయ్యాలి. కాబట్టి నిన్నటి అంకె కూడా కొంతసేపు కదులుతుందని చూసేవాళ్లకు చెప్పక తప్పదు.

ఇక డెయిరీ స్లిప్పు. కేంద్రంలో కొలిచేది లీటర్లు, స్లిప్పులో వేసేది కిలోలు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. పై 2,965 లీటర్లు దాదాపు 3,054 కిలోలు కావాలి. స్లిప్పులో 2,950 ఉందనుకోండి. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ‘15యే కదా తేడా’ అని వదిలేస్తారు. తేడా 104 కిలోలు, అంటే సుమారు 101 లీటర్లు. విరిగిపోయి పక్కన పెట్టినవో, కేంద్రం దగ్గరే చిల్లరగా అమ్మినవో వాటిలో ఉంటాయి. కలవని లెక్క కన్నా ఇలా కలిసినట్టు కనిపించే లెక్కే నాకు ఎక్కువ అనుమానం.

కింద పెట్టే మాట ఇలా రాయండి, టైములు మీ పద్ధతిని బట్టి మార్చుకోండి:

“ఈ అంకెలు సుమారు 15 నిమిషాలకోసారి మారతాయి, కానీ కేంద్రం వాళ్లు ఫారం పంపాకే ఇక్కడికి వస్తాయి. పొద్దుటి లెక్క పదిన్నరకు, సాయంత్రం లెక్క రాత్రి తొమ్మిదిన్నరకు పూర్తవుతుంది. 14 కేంద్రాలూ రాకముందు నిన్నటితో పోల్చవద్దు. నిన్నటి అంకె ఈరోజు మధ్యాహ్నం 12 దాకా సవరణల వల్ల మారవచ్చు. ఇవి రైతులు కేంద్రంలో పోసిన లీటర్లు. విరిగిన పాలు, చిల్లరగా అమ్మిన పాలు ఇందులోంచి తీసెయ్యలేదు. డెయిరీ స్లిప్పు కిలోల్లో ఉంటుంది. వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్, రైతుకు రావాల్సిన డబ్బు ఇక్కడ కనిపించవు.”

చివరి వాక్యం అనవసరం అనిపించొచ్చు, ఉంచండి. రైతుకు రేటు కట్టేది వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ చూసి. లీటర్లను ఏదో ఒక రేటుతో గుణించి బిల్లు ఇంతని చెప్పే పెద్దమనిషి ప్రతి ఆఫీసులో ఒకరుంటారు.

దీన్ని రెండో పేజీలోనో, ‘సహాయం’ లింకు వెనకాలో పెడితే ఎవరూ చూడరు. మొత్తం లీటర్ల అంకె కిందే, ఫోనులో పెద్దది చేసుకోకుండా చదవగలిగే సైజులో ఉండాలి.