రేటు తగ్గుతుందంటే ఎక్కువ డబ్బాలు కొనాలా?

ప్రశ్న: పర్లాకిమిడిలో మాది జీడిపప్పు వ్యాపారం, ఏడాదికి 3600 డబ్బాలు కావాలి. 300 లోపు ₹100, 300 నుంచి ₹98, 1200 నుంచి ₹97 అంటున్నారు. ఆర్డర్‌కి ₹400 ఖర్చు, నిల్వ ఖర్చు ఏడాదికి రేటులో 20 శాతం. ఒకేసారి ఎన్ని తెప్పించాలి?

జవాబు: 383 డబ్బాలు, ₹98 రేటుకే. లెక్క ఎప్పుడూ తక్కువ రేటు నుంచి మొదలుపెట్టండి.

```
Q = √(2 × D × S ÷ (i × C))
```

ఇందులో Q ఒకేసారి తెప్పించే డబ్బాలు, D ఏడాదికి కావాల్సినవి, S ఒక్కో ఆర్డర్ ఖర్చు, i నిల్వ శాతం అంటే 0.20, C డబ్బా రేటు. C దగ్గర ₹97 పెడితే Q 385 వస్తుంది, కానీ 385కి వాళ్ళు ఆ రేటు ఇవ్వరు కదా, అందుకే అక్కడ 1200నే తీసుకుని చూడాలి. ₹98కి 383, ఇది 300 దాటింది కాబట్టి చెల్లుతుంది, ఇక ₹100 రేటు చూడక్కర్లేదు, అది ఎలాగూ ఎక్కువే పడుతుంది.

ఇప్పుడు ఏడాది మొత్తం ఖర్చు. 383 చొప్పున అయితే సరుకు 3,52,800, ఆర్డర్లకి 3,760, నిల్వకి 3,753, మొత్తం ₹3,60,313. 1200 చొప్పున అయితే సరుకు 3,49,200, ఆర్డర్లకి 1,200, నిల్వకి 11,640, మొత్తం ₹3,62,040. అందరూ పడిపోయేది ఇక్కడే, సరుకులో 3,600 మిగిలింది కదా అని సంబరపడతారు గానీ గోడౌన్‌లో ఇరుక్కున్న డబ్బుకి వడ్డీ లెక్కేయరు.

బేరం ఆడగలిగితే 1200కి ₹96 అడిగి చూడండి, ఆ రేటుకైతే మొత్తం ₹3,58,320, అప్పుడు పెద్ద ఆర్డరే లాభం. ఒకవేళ గోడౌన్ మీ సొంతదై, అప్పు కూడా లేకపోతే ఆ 20 శాతం తగ్గించి మళ్ళీ లెక్కేయండి, జవాబు మారిపోవచ్చు.