q విలువ మైనస్ వస్తే లెక్క తప్పినట్టేనా?

ప్రశ్న: బీఏ ఎకనామిక్స్ ఫైనలియర్ చదువుతూ ఎంఏ ఎంట్రన్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. గేమ్ థియరీలో ఒక ధరల డైలమా లెక్క ఉంది. ఇద్దరు వ్యాపారులూ ఎక్కువ ధర పెడితే చెరో 10, ఇద్దరూ తగ్గిస్తే చెరో 6, ఒక్కరే తగ్గిస్తే తగ్గించినవారికి 14, రెండోవారికి 3. ప్యూర్ ఈక్విలిబ్రియం పట్టుకోగలిగాను. మిక్స్‌డ్‌కి సమీకరణం వేస్తే q = −3 వస్తోంది. ఎక్కడ తప్పుతున్నానో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ సమీకరణం సరిగ్గానే ఉంది. q అంటే ఎదుటి వ్యాపారి ఎక్కువ ధర పెట్టే సంభావ్యత. అది 0కీ 1కీ మధ్యే ఉండాలి కాబట్టి, ఈ ఆటలో మిక్స్‌డ్ ఈక్విలిబ్రియం లేదని ఆ −3 చెబుతోంది. ఆ మాట రాసేస్తే జవాబు పూర్తయినట్టే.

అసలు సమీకరణం దాకా వెళ్లకుండానే ఈ సంగతి తెలుసుకోవచ్చు. ఒకే వీధిలో రెండు బిర్యానీ పాయింట్లు ఉన్నాయనుకోండి. ఒకటి రమణది, ఇంకొకటి సలీంది. మీ అంకెలన్నీ రోజు లాభం, వేల రూపాయల్లో. ధర తగ్గిస్తే రమణకి ఎంత కలిసొస్తుందో రెండుసార్లు లెక్కేయండి. సలీం ఎక్కువ ధర పెట్టినప్పుడు 14 − 10 = 4. సలీం తగ్గించినప్పుడు 6 − 3 = 3. రెండూ ప్లస్సే, అంటే సలీం ఏం చేసినా తగ్గించడమే రమణకి మేలు. సలీంకీ ఇదే లెక్క. కాబట్టి ఇద్దరూ తగ్గిస్తారు, చెరో 10 వచ్చే చోట 6తో సరిపెట్టుకుంటారు. ఎప్పుడూ ఒకే దారి లాభమైతే ఇంకో దారిని కలపాల్సిన పనే ఉండదు.

ఇప్పుడు ఒక్క అంకె మార్చి చూద్దాం. ఇద్దరూ తగ్గిస్తే మిగిలేది చెరో 6 కాదు, చెరో 2. తగ్గిస్తే కలిసొచ్చేది సలీం ఎక్కువ ధర పెట్టినప్పుడు +4గానే ఉంటుంది, సలీం కూడా తగ్గించినప్పుడు మాత్రం 2 − 3 = −1. గుర్తులు వేరయ్యాయి, కాబట్టి ఇక్కడ మిక్స్‌డ్ ఉంటుంది. సలీం ఎక్కువ ధర పెట్టే సంభావ్యత q అనుకుంటే:

10q + 3(1 − q) = 14q + 2(1 − q)

దీన్నుంచి q = 1/5. సరిచూసుకోవాలంటే రెండు వైపులా q వేయండి. ఎడమ 4.4, కుడి 4.4. రెండూ సమానం కాకపోతే ఎక్కడో కూడిక తప్పింది.

ఈ ఆటకి ఈక్విలిబ్రియంలు మూడు. రమణ ఎక్కువ, సలీం తక్కువ అన్నది ఒకటి. దాని తిరగేత రెండోది. ఇద్దరూ 1/5 సంభావ్యతతో ఎక్కువ ధర పెట్టడం మూడోది. రెండు ప్యూర్ దొరకగానే ఆగిపోయి మూడోది వదిలేసేవాళ్లు చాలామంది ఉంటారు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. అంకెలు ఇద్దరికీ ఒకేలా ఉంటే అది బయటపడదు. ఇద్దరూ తగ్గించినప్పుడు రమణకి మాత్రం 2 బదులు 0 వస్తుందనుకోండి, సలీంకి 2 అలాగే ఉంది. రమణ లెక్క:

10q + 3(1 − q) = 14q + 0(1 − q)

ఇక్కడ q = 3/7. అయితే ఈ q ఎవరిది? సలీంది! మార్చింది రమణ లాభం, మారింది సలీం సంభావ్యత. రమణది 1/5గానే ఉండిపోతుంది, ఎందుకంటే దాన్ని తేల్చేది సలీం అంకెలు, అవి మారలేదు. మిక్స్‌డ్‌లో ఒకరు తన సంభావ్యతను ఎంచుకునేది ఎదుటివాడికి రెండు దారులూ సమానమయ్యేలా. అందుకే రమణ అంకెలతో వేసిన సమీకరణం సలీం q ఇస్తుంది. పేపర్ మీద ఏ సమీకరణం వేసినా పక్కన ‘ఇవి రమణ లాభాలు, తేలేది సలీం q’ అని రాసుకోండి. సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

ఇంకో వింత చూడండి. ఈ కొత్త ఆట మిక్స్‌డ్‌లో రమణ సగటు లాభం 3 + 7 × 3/7 = 6. ధరల పోటీ అతన్ని ఇంకా దెబ్బతీసేలా మారాక 4.4 కాస్తా 6 అయింది! సలీం ఎక్కువ ధర పెట్టే సంభావ్యత పెరిగింది కదా, అదే కారణం.

రోజూ ఎవరూ నాణెం ఎగరేసి ధర పెట్టరు కదా అనే సందేహం మీకూ రావచ్చు. 1980లో హాల్ వేరియన్ దుకాణాల్లో వచ్చిపోయే సేల్స్‌ని మిక్స్‌డ్ స్ట్రాటజీతోనే వివరించారు. ఎప్పుడు తగ్గిస్తామో ముందే తెలిసిపోతే, పోటీదారు దానికంటే కాస్త తగ్గించి గిరాకీ లాగేసుకుంటాడు. ఆ వేరియనే తర్వాత గూగుల్‌కి ముఖ్య ఆర్థికవేత్త అయ్యారు. ధరల విశ్లేషణ ఉద్యోగాలవైపు వెళ్లాలనుంటే ఈ అధ్యాయం మీకు పరీక్ష తర్వాత కూడా పనికొస్తుంది.

ఒక్క జాగ్రత్త. మీరు లెక్కేసిన తేడాల్లో ఏదైనా సున్నా అయితే, ఉదాహరణకి ఇద్దరూ తగ్గించినప్పుడు చెరో 3 వస్తే, సమీకరణం q = 0 ఇస్తుంది. దాన్ని నమ్మి ఒకే జవాబు రాయకండి. రమణ తగ్గించినప్పుడు సలీంకి రెండు దారులూ సమానమే కాబట్టి, అతను ఏ సంభావ్యతతో కలిపినా అది ఈక్విలిబ్రియమే. ఇలాంటి పట్టికలో ప్రతి గడినీ విడివిడిగా పరీక్షించి, సమానమైన చోట రెండు అంకెల కిందా గీత గీయండి.