శ్రావణికి: వైకింగుల గురించి చెప్పాలంటే ఒక నది పట్టుకో

చిరంజీవి శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన నోట్సు రెండుసార్లు చదివాను. మీ బడి పిల్లలకు స్కాండినేవియా నుంచి ఓడల్లో తిరిగిన వైకింగుల గురించి గంటసేపు చెప్పడానికి మూడు భాగాలు చేసుకున్నావు: దాడులు, వ్యాపారం, స్థిరపడడం. 793లో ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచుకోవడంతో మొదలుపెట్టావు. అందులో తప్పేమీ లేదు. కానీ అలా విడదీసి చెబితే పిల్లల మనసులో ముగ్గురు వేర్వేరు మనుషులు నిలబడతారు: ఒక దోపిడీదారు, ఒక వర్తకుడు, ఒక రైతు. ఆ ముగ్గురూ చాలాసార్లు ఒకే పడవలో కూర్చున్న ఒకే మనిషి. ఎక్కడ ఏ పని గిట్టుబాటైతే అక్కడ ఆ పని చేశాడు.

కాబట్టి ఒక్క నదిని, ఒక్క సంవత్సరాన్ని తీసుకుని చెప్పు. నేనైతే 950 ప్రాంతంలో, ఇప్పటి ఉక్రెయిన్ గుండా పారే ద్నీపర్ నదిని తీసుకుంటాను. స్వీడన్ వైపు నుంచి బాల్టిక్ సముద్రం దాటి, లదోగా, నోవ్‌గొరోద్‌ల మీదుగా నదులు పట్టుకుని దిగి, కీవ్‌లో పాతుకుపోయినవాళ్ళను రుస్ అనేవారు. వాళ్ళు ఏటా బైజాంటైన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కి సరుకు తీసుకెళ్ళేవారు. ఆ ప్రయాణాన్ని బైజాంటైన్ చక్రవర్తి ఏడో కాన్‌స్టాంటైన్ తన కొడుకు కోసం సిద్ధం చేయించిన రాజ్యపాలన గ్రంథంలో మజిలీ మజిలీగా వర్ణించారు. అది సరుకు కొనే వైపు నుంచి రాసిన మాట. పైగా ఆ మనుషులను కాస్త అనుమానంగా చూసేవాళ్ళు రాసినది. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పు.

కథను జూన్‌లో పడవలు బయలుదేరడంతో మొదలుపెట్టకు. అంతకుముందు నవంబరులో మొదలుపెట్టు. నవంబరు రాగానే రుస్ నాయకులు తమ మనుషులందరినీ వెంటబెట్టుకుని కీవ్ వదిలి వెళ్ళిపోయేవారు. ద్రెవ్లియన్లు, ద్రెగోవిచులు, క్రివిచులు, సెవెరియన్లు లాంటి స్లావ్ తెగల ఊళ్ళు చుట్టి వచ్చేవారు. చలికాలమంతా ఆ ఊళ్ళ తిండే తిని, వాళ్ళ దగ్గరే కప్పం వసూలు చేసి, ఏప్రిల్‌లో ద్నీపర్ మీద మంచు కరిగాక కీవ్‌కి తిరిగొచ్చేవారు. కాన్‌స్టాంటినోపుల్‌లో అమ్మిన జంతువుల ఉన్ని తోళ్ళు, మైనం, తేనె, బానిసలు చాలావరకు ఇలా చేతికొచ్చినవే. అంటే వేసవిలో వ్యాపారం జరగాలంటే చలికాలంలో బలవంతపు వసూలు జరగాలి. నీ మొదటి రెండు భాగాలు ఇక్కడే కలిసిపోయాయి చూడు.

ఆ వసూలు ఎక్కడ బెడిసికొట్టేదో చెప్పడానికి కీవ్ రాజు ఇగోర్ కథ చాలు. 945లో ఇగోర్ ద్రెవ్లియన్ల దగ్గర కప్పం తీసుకుని, దారిలో ఆశ పుట్టి, ఎక్కువమంది సైనికులను ఇంటికి పంపేసి, కొద్దిమందితో మళ్ళీ అదే ఊళ్ళకు వెళ్ళాడు. తోడేలు గొర్రెల మంద రుచి మరిగితే ఒక్కో గొర్రెనూ ఎత్తుకుపోతూనే ఉంటుంది అనుకుని, ద్రెవ్లియన్లు అతన్ని చంపేశారు. ఈ కథ చెప్పే రుస్ వృత్తాంతం పన్నెండో శతాబ్దం మొదట్లో కూర్చినది. అందులోని సంభాషణలను మాట మాటగా నమ్మొద్దు. కానీ కప్పం ఏ హద్దు దాటితే తిరుగుబాటు వస్తుందో ఆ కథలో తెలుస్తుంది.

ఇక పడవలు. పిల్లలు తప్పకుండా డ్రాగన్ తల ఉన్న పొడవాటి ఓడ బొమ్మ వేస్తారు. ద్నీపర్ మీద మాత్రం ఆ బొమ్మ వద్దు. ఈ ప్రయాణానికి వాడినవి ఒకే మాను తొలిచి చేసిన దోనెలు. మన గోదావరి, కృష్ణ పల్లెల్లో పెద్దవాళ్ళను అడిగితే దోనె అంటే ఏమిటో చెబుతారు, పిల్లలకు వెంటనే బొమ్మ కడుతుంది. స్లావులు చలికాలంలో అడవుల్లో చెట్లు కొట్టి తొలిచి, మంచు కరిగాక నీళ్ళలోకి దింపి కీవ్‌కి తెచ్చి అమ్మేవారు. రుస్ ఆ కొత్త దోనెలు కొని, నిరుటి పాత పడవల తెడ్లు, తెడ్డు కొక్కేలు ఊడదీసి వీటికి బిగించేవారు. జూన్‌లో బయలుదేరి, కీవ్‌కి దిగువన ఉన్న వితిచెవ్ దగ్గర రెండు మూడు రోజులు ఆగి, అందరూ కూడాక కలిసి కదిలేవారు. ఒంటరి పడవ ఆ దారిలో బతకదు.

ఎందుకు బతకదో చెప్పడానికే నీ గంటలో సగం కేటాయించు. కీవ్ నుంచి చాలా దూరం దిగాక, నది దాదాపు 70 కిలోమీటర్ల మేర రాతిబండల మీదుగా దూకుతూ పోయేది. ఇలాంటి చోట్లను ఇంగ్లిష్ పుస్తకాల్లో రాపిడ్స్ అంటారు. చక్రవర్తి గ్రంథం అలాంటివి ఏడు చెప్పి, ఒక్కోదానికి రెండు పేర్లు ఇస్తుంది: ఒకటి రుస్ భాషలో, ఒకటి స్లావ్ భాషలో. ఆ రుస్ పేర్లు స్కాండినేవియన్ మాటలు. ఆ మనుషులు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే గట్టి ఆధారాల్లో ఇదొకటి. మొదటిదాని పేరుకు అర్థం ‘నిద్రపోకు’.

మొదటి మూడింటి దగ్గర పద్ధతి ఇది. కొంతమందిని ఒడ్డున దింపేస్తారు. మిగిలినవాళ్ళు బట్టలు విప్పి నీళ్ళలోకి దిగి, పడవ బండకు కొట్టుకోకుండా పాదాలతో రాళ్ళు తడుముకుంటూ, ఒడ్డు పక్కనే పడవను నడిపిస్తారు. ముందు కొందరు, మధ్యలో కొందరు, వెనక కొందరు గెడలు పట్టుకుని నెడతారు. దీన్ని మాటల్లో చెప్పి వదిలేయకు. నలుగురు పిల్లలను లేపి బెంచీని పడవ అనుకుని తోయించు, ఎవరు ఎక్కడ నిలబడాలో వాళ్ళకే అర్థమవుతుంది.

నాలుగోది ఐఫోర్, అన్నిటిలోకి భయంకరం. అక్కడ నీళ్ళలో నడిపించడం కుదరదు. పడవలన్నీ ఒడ్డుకు చేర్చి, ముందు కాపలావాళ్ళు దిగి పెచెనెగ్‌ల కోసం నాలుగు వైపులా కాసేవారు. పెచెనెగ్‌లు గడ్డిమైదానాల్లో తిరిగే గుర్రపు రౌతులు. పడవలో ఉన్న మనిషి వాళ్ళకు చిక్కడం కష్టం, పడవ భుజాన ఎత్తుకున్న మనిషి సులువు. సరుకంతా దింపి, బానిసలను గొలుసులతోనే ఆరు మైళ్ళు నడిపించుకుంటూ దాటించేవారు. పడవలను కొంత దూరం ఈడ్చి, కొంత దూరం భుజాల మీద మోసి, అవతల మళ్ళీ నీళ్ళలోకి దింపేవారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగమ్మా. నీ నోట్సులో ‘బానిసల వ్యాపారం కూడా ఉండేది’ అని ఒక్క వాక్యం ఉంది. అది చాలదు. ఆ గొలుసుల్లో నడిచినవాళ్ళలో చలికాలంలో వీళ్ళకు తిండి పెట్టిన ఊళ్ళ పక్కవాళ్ళు కూడా ఉండి ఉంటారు. వాళ్ళలో ఎవరి పేరూ మనకు దక్కలేదు. ఆ దారిలో పడవలు నడిపినవాళ్ళవి కొన్ని దక్కాయి. స్వీడన్‌కి చెందిన గోట్‌లాండ్ ద్వీపంలో రూన్ అనే పాత స్కాండినేవియన్ లిపిలో చెక్కిన ఒక శాసనం దొరికింది. హెగ్‌బ్యోర్న్ అనేవాడు, అతని సోదరులు కలిసి రావ్న్ జ్ఞాపకార్థం నిలబెట్టిన రాయి అది. తాము ఐఫోర్ దాకా వెళ్ళామని అందులో రాసుకున్నారు. చక్రవర్తి గ్రంథంలో ఉన్న పేరే, వందల మైళ్ళ అవతల ఒక ద్వీపం రాతి మీద కూడా ఉంది. ఈ రెండింటినీ బోర్డు మీద పక్కపక్కన రాయి. చరిత్రలో ఒక సంగతి రుజువు కావడం అంటే ఏమిటో పిల్లలు కళ్ళారా చూస్తారు.

ఐఫోర్ దాటినా ప్రమాదం తీరదు. రాపిడ్స్ అయిపోయాక నది దాటే రేవు ఒకటి ఉంది, పెచెనెగ్‌లు అక్కడా కాచుకునేవారు. ఇగోర్ కొడుకు స్వ్యతోస్లావ్ యుద్ధం నుంచి తిరిగి వస్తుంటే, పడవలు వదిలి గుర్రాల మీద వెళ్దామని అతని పెద్ద సేనాని చెప్పాడట. వినలేదు. దారి మూసుకుపోయి, చలికాలమంతా తిండి దొరక్క అవస్థపడి, 972 వసంతంలో మళ్ళీ రాపిడ్స్ వైపు వచ్చి పెచెనెగ్‌ల చేతిలో చచ్చిపోయాడు. రాజుకే ఆ గతి పట్టిన దారి అది.

తర్వాతి మజిలీలు త్వరగా చెప్పేయొచ్చు. హోర్తిత్సియా దీవిలో పెద్ద ఓక్ చెట్టు కింద కోళ్ళను బలిచ్చి మొక్కు తీర్చుకునేవారు. నది సముద్రంలో కలిసే చోట బెరెజాన్ దీవిలో రెండు మూడు రోజులు ఆగి, దోనెలకు తెరచాపలు, తెరచాప స్తంభాలు, చుక్కానులు బిగించి నల్లసముద్రం తీరం వెంట సాగేవారు. ఆ దీవిలో 1905లో ఒక సమాధి రాయి బయటపడింది. గ్రాని అనేవాడు తన భాగస్వామి కార్ల్ కోసం చేయించాడని దాని మీద ఉంది. ఇద్దరు వ్యాపారపు పొత్తుదారుల్లో ఒకడు ఇల్లు చేరలేదు.

కాన్‌స్టాంటినోపుల్ చేరాక వీళ్ళను ఎలా చూసేవారో బైజాంటైన్లతో రుస్ చేసుకున్న ఒప్పందాల్లో ఉంది. నగరం బయట సెయింట్ మామాస్ వాడలో బస. ఆయుధాలు లేకుండా, ఒకే ద్వారం గుండా, యాభై మందికి మించకుండా, రాజోద్యోగి వెంట ఉండగా లోపలికి రావాలి. యాభై బంగారు నాణేలకు మించిన పట్టు కొనకూడదు, కొన్నదానికి ముద్ర వేయించుకోవాలి. ఏ రాజు ఎన్ని ఓడలు పంపాడో రాసిన ఉత్తరం కూడా తేవాలి. అది లేకుండా వస్తే పట్టి ఉంచేవారు. ఇంత జాగ్రత్త ఎందుకని పిల్లలు అడుగుతారు. 860 జూన్‌లో ఇదే జనం దాదాపు రెండు వందల ఓడలతో ఈ నగరం మీదే పడ్డారు. 941లో ఇగోర్ మళ్ళీ వచ్చాడు, గ్రీకుల నిప్పు అనే మండే ద్రవం అతని పడవలను తగలబెట్టింది. ఉత్తరం తేవాలన్న షరతు ఆ తర్వాత 944లో కుదిరిన ఒప్పందంలోదే. దాడి చేసి బేరం తెచ్చుకోవడం, బేరం చెడితే మళ్ళీ దాడి చేయడం, ఇదే వాళ్ళ పద్ధతి.

స్థిరపడడం గురించి వేరే పాఠం అక్కర్లేదు, పేర్లు చదివించు చాలు. 911 ఒప్పందంలో రుస్ దూతల పేర్లు కార్ల్, ఇంగెల్డ్, ఫర్లోఫ్, వెర్ముద్. దాదాపు అన్నీ స్కాండినేవియన్ పేర్లే. 944 ఒప్పందానికి వచ్చేసరికి వొలోదిస్లావ్, ప్రెద్‌స్లావా లాంటి స్లావ్ పేర్లు చేరాయి. ఇగోర్ అంటే ఇంగ్వార్, అతని భార్య ఓల్గా అంటే హెల్గా. ఆ ఇద్దరి కొడుకు పేరు స్వ్యతోస్లావ్, అచ్చమైన స్లావ్ పేరు. ఆ ఒప్పందానికి ప్రమాణం కూడా స్కాండినేవియన్ల దేవుడు థోర్ మీద కాదు, స్లావుల దేవుడు పెరూన్ మీద చేశారు. కప్పం వసూలు చేసినవాళ్ళు, రెండు మూడు తరాలు తిరిగేసరికి, కప్పం కట్టినవాళ్ళ భాషలో తమ పిల్లలకు పేర్లు పెట్టుకున్నారు.

ఒక్క జాగ్రత్త. ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి ఐఫోర్ కోసం వెతకకు, కనిపించదు. 1932లో జపొరీజ్యా దగ్గర ద్నీపర్ మీద ఆనకట్ట కట్టాక ఆ రాపిడ్స్ అన్నీ నీళ్ళ కింద మునిగిపోయాయి. ఇప్పుడు అక్కడ వెడల్పాటి నీళ్ళే కనిపిస్తాయి, పిల్లలు చూసి ఇందులో కష్టమేముందని అడుగుతారు. ఆనకట్టకు ముందు గీసిన పటం ఒకటి నా దగ్గర ఉంది. బండల పేర్లతో సహా పెద్ద కాగితం మీద నకలు తీసి పంపుతాను. శుక్రవారంలోగా చేరుతుంది.

ఇట్లు,
మీ మామయ్య