నాన్న ఆస్పత్రిలో ఉన్నారు... జాయినింగ్ వారం వాయిదా అడగొచ్చా?

హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగానికి ఆఫర్ ఒప్పుకున్నాను. పాత కంపెనీ నుంచి మొన్న శుక్రవారమే రిలీవ్ అయ్యాను. వచ్చే సోమవారం చేరాలి. నిన్న నాన్న బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. గుంటూరులో ఎల్లుండి ఆపరేషన్. అమ్మకు బీపీ, అన్నయ్య అమెరికాలో ఉన్నాడు. గడువు అడిగితే ఆఫరే తీసేస్తారని మావారు భయపడుతున్నారు. ఏం చేయను?

అడగండి, అదీ ఈరోజే. జాయినింగ్ వారం వెనక్కి జరపడం హెచ్‌ఆర్ వాళ్లకు కొత్త కాదు. వాళ్లకు ఇబ్బందయ్యేది ఆదివారం రాత్రి చెబితేనే. మీ చేతిలో ఇంకా కొన్ని రోజులున్నాయి.

మీవారి భయంలోనూ నిజం లేకపోలేదు. ఆఫర్ లెటర్లో జాయినింగ్ తేదీ ఉన్న పేరా ఒకసారి చదవండి. ఆ తేదీకి చేరకపోతే ఆఫర్ రద్దయినట్టేనని చాలా లెటర్లలో రాసి ఉంటుంది. అందుకే ఫోన్‌లో ‘ఫర్వాలేదండీ, నాన్నగారిని చూసుకోండి’ అన్నారని ఊరుకోవద్దు. ముందు ఫోన్ చేయండి, వెంటనే అదే విషయం మెయిల్లో పెట్టండి. నాన్నగారికి తుంటి ఆపరేషన్ జరుగుతోందని, ఉద్యోగంలో తప్పకుండా చేరతానని, ఫలానా సోమవారం చేరేందుకు అనుమతించి ఆ తేదీని మెయిల్లో ఖాయం చేయమని రాస్తే చాలు. ‘కొన్ని రోజులు’ అని మాత్రం రాయొద్దు. ఎక్స్‌రేలు, ఆస్పత్రి ఫొటోలు పంపక్కర్లేదు. అడిగితే అడ్మిషన్ కాగితం చూపించండి. ఒకవేళ కుదరదంటే, సోమవారం చేరి కాగితాల పని ముగించి, మిగతా వారం సెలవు గానీ ఇంటి నుంచి పని గానీ ఇస్తారేమో అడగండి.

తేదీ చెప్పేముందు ఒక్క మాట. రెండోసారి గడువు అడగడం చాలా కష్టం. తుంటి ఆపరేషన్ తర్వాత చాలామందిని ఒకటి రెండు రోజుల్లోనే వాకర్ పట్టుకుని నిలబెడతారు. కానీ ఇంటికొచ్చాక రాత్రిపూట బాత్రూంకి తీసుకెళ్లడానికి వారాల తరబడి మనిషి కావాలి. అది అమ్మగారి వల్ల కాదు. కాబట్టి ఈ వారమంతా ఆయన మంచం పక్కనే కూర్చుని గడిపేయకండి. అటెండర్‌ని మాట్లాడండి, బాత్రూంలో పట్టుకునే కడ్డీలు, ఎత్తు కమోడ్ సీటు పెట్టించండి. అటెండర్ జీతం అన్నయ్యను భరించమని నోరు తెరిచి అడగండి. దూరాన ఉన్నవాళ్లకు చాలాసార్లు ఏం చేయాలో తెలియదు, చెబితే చేస్తారు.

ఇంకో విషయం, టెన్షన్‌లో చాలామంది మరిచిపోయేది. నాన్నగారు మీ పాత కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఉంటే, ఆ కవర్ మామూలుగా మీ ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. కొత్తది మీరు చేరాకే మొదలవుతుంది, అందులోనూ తల్లిదండ్రులకు ఉంటుందో లేదో కనుక్కోవాలి. ఆపరేషన్ ఎల్లుండే కాబట్టి, ఆస్పత్రి కౌంటర్లో పాత కార్డు ఇచ్చేముందు పాత హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి అది ఇంకా చెల్లుతుందో లేదో తేల్చుకోండి. చెల్లకపోతే డబ్బు సర్దుకోవడానికి ఈ రెండు రోజులైనా మిగులుతాయి.