ఐసీఎంపీవీ6ను ఆపేశాక నా సర్వర్ రెండు నిమిషాలు బతికింది

ప్రశ్న: ఐపీవీ6లో ఏఆర్‌పీ ఉండదని, డీహెచ్‌సీపీ కూడా తప్పనిసరి కాదని చదివాను. భద్రత కోసం సర్వర్ ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీవీ6 మొత్తాన్ని ఆపేయమని మా సీనియర్ అంటున్నారు. ఆపేయవచ్చా?

ఆపకండి. మీ సీనియర్ గారిది ఐపీవీ4 కాలం నాటి అలవాటు. అది నాకూ ఉండేది. దాని పుణ్యమా అని ఒక సర్వర్‌ను చేజేతులా నెట్‌వర్క్ నుంచి మాయం చేసుకున్నాను కాబట్టి, ఈ విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను.

ఆ రోజు ఒక లినక్స్ సర్వర్‌కు nftables నియమాలు రాస్తున్నాను. అప్పటికే నడుస్తున్న కనెక్షన్లకు, ఎస్ఎస్‌హెచ్‌కు, వెబ్ పోర్టులకు అనుమతి ఇచ్చి, మిగిలినదంతా డ్రాప్ చేశాను. ఐపీవీ4లో ఏళ్ల తరబడి నన్ను ఇబ్బంది పెట్టని ఆ నియమాలనే యథాతథంగా ఐపీవీ6కు కూడా వర్తింపజేశాను. లోడ్ చేశాక ఐపీవీ6 మీద ఉన్న నా ఎస్ఎస్‌హెచ్ సెషన్ చక్కగా పనిచేస్తూనే ఉంది గనుక పని అయిపోయిందనుకున్నాను. రెండు నిమిషాలు గడవకముందే టెర్మినల్ బిగుసుకుపోయింది. అదే సర్వర్‌కు ఐపీవీ4 మీద వెళితే ఏ ఇబ్బందీ లేదు. నియమాలు లోడ్ చేసిన క్షణంలోనే తెగిపోయి ఉంటే తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసేది. ఆలస్యంగా తెగడం వల్ల ముందు రౌటర్‌ను, తరువాత స్విచ్‌ను, చివరికి కేబుల్‌ను కూడా అనుమానించాను.

ఐపీవీ4 దారిన లోపలికి వెళ్లి, పొరుగు యంత్రాల మ్యాక్ చిరునామాల పట్టికను చూపే `ip -6 neigh` ఇస్తే, రౌటర్ చిరునామా `fe80::1` ఎదురుగా `FAILED` అని కనిపించింది. సర్వర్ ఏమి అడుగుతోందో, ఎవరు జవాబిస్తున్నారో చూద్దామని `tcpdump -ni eth0 icmp6` నడిపాను.

```
IP6 fe80::5054:ff:fe12:3456 > ff02::1:ff00:1: ICMP6, neighbor solicitation, who has fe80::1, length 32
IP6 fe80::1 > fe80::5054:ff:fe12:3456: ICMP6, neighbor advertisement, tgt is fe80::1, length 32
```

సర్వర్ అడుగుతోంది, రౌటర్ తక్షణమే జవాబిస్తోంది, అయినా పట్టికలో `FAILED` అనే ఉంది. నాకు బుర్ర తిరిగింది అక్కడే. కొంతసేపటికి గుర్తొచ్చిన సంగతి ఏమిటంటే, tcpdump ప్యాకెట్‌ను ఫైర్‌వాల్ కంటే ముందే చూస్తుంది. జవాబు నెట్‌వర్క్ కార్డు దాకా వచ్చింది, కెర్నెల్‌లో పొరుగు పట్టికను నింపే భాగానికి చేరకముందే నా నియమం దాన్ని పారేసింది.

పొరుగు యంత్రం మ్యాక్ చిరునామాను కనుక్కునే పని ఐపీవీ4లో ఏఆర్‌పీది, ఐపీవీ6లో నైబర్ డిస్కవరీది. ఈ రెండింటికీ అసలు తేడా ఇక్కడే ఉంది. ఏఆర్‌పీ ఐపీ లోపల నడవదు. ఈథర్‌నెట్ మీద దానికి 0x0806 అనే వేరే గుర్తు ఉంటుంది, అందువల్ల ఐపీ ప్యాకెట్లకు రాసిన నియమాలు దాన్ని తాకనే తాకవు. చాలా డీహెచ్‌సీపీ క్లయింట్లు కూడా ఐపీవీ4లో రా సాకెట్లు వాడి ఫైర్‌వాల్ పక్కనుంచి వెళ్లిపోయేవి. అంటే ఇన్నేళ్లూ నా నియమాలు పనిచేశాయంటే అది నా తెలివి కాదు, ఆ రెండూ నా ఫైర్‌వాల్‌కు కనిపించకపోవడమే. ఐపీవీ6లో అవే పనులను ఐసీఎంపీవీ6 సందేశాలు చేస్తాయి. 135వ రకం పొరుగు యంత్రాన్ని అడిగే ప్రశ్న, 136 దానికి జవాబు, 133 రౌటర్‌ను పిలవడం, 134 రౌటర్ చేసే ప్రకటన. ఇవన్నీ మామూలు ఐపీవీ6 ప్యాకెట్లే గనుక ఫైర్‌వాల్ ముందు నిలబడవలసిందే. పైగా లినక్స్ కనెక్షన్ ట్రాకింగ్ వీటిని లెక్కలోకి తీసుకోదు కాబట్టి, నడుస్తున్న కనెక్షన్లకు ఇచ్చిన అనుమతి కూడా వీటిని కాపాడదు.

పైన మొదటి వరుసలో గమ్యాన్ని కూడా గమనించండి. ఏఆర్‌పీ అయితే అందరికీ వినిపించేలా బ్రాడ్‌కాస్ట్ చేసేది. ఇక్కడ వెతుకుతున్న చిరునామాలోని చివరి 24 బిట్లను `ff02::1:ff00:0` వెనుక చేర్చి ఒక మల్టీకాస్ట్ గుంపును తయారుచేస్తారు, ఆ గుంపులో ఉన్న యంత్రాలే ఆ ప్రశ్నను పట్టించుకుంటాయి.

మరి రెండు నిమిషాల ప్రాణం ఎక్కడిది? నియమాలు లోడ్ అయ్యేనాటికి రౌటర్‌కు నా సర్వర్ మ్యాక్ చిరునామా తెలుసు. ఆ నమ్మకం సాధారణంగా 15 నుంచి 45 సెకన్ల వరకే ఉంటుంది. తరువాత ప్యాకెట్ పంపవలసి వస్తే రౌటర్ 5 సెకన్లు ఆగి, సెకనుకొకటి చొప్పున మూడుసార్లు నేరుగా అడిగి చూస్తుంది. నా సర్వర్ ఆ ప్రశ్నలను వినడం లేదు గనుక రౌటర్ ఆ నమోదును చెరిపేసింది. నా వైపు పట్టికకూ కొద్దిసేపటికే అదే గతి పట్టింది.

అసలు కారణం తెలియక మధ్యలో సర్వర్‌ను రీబూట్ చేసి పరిస్థితిని ఇంకా చెడగొట్టుకున్నాను. అంతవరకు కనీసం చిరునామా అయినా ఉండేది, ఇప్పుడు `fe80` తో మొదలయ్యేది తప్ప మరేదీ లేదు. ఆ లింక్-లోకల్ చిరునామాను యంత్రం ఎవరినీ అడగకుండా తనే తయారుచేసుకుంటుంది. తరువాత రౌటర్‌ను పిలిస్తే, అది తన ప్రకటనలో /64 ప్రిఫిక్స్‌ను, అది ఎంతకాలం చెల్లుతుందో ఆ గడువును పంపుతుంది, తానే గేట్‌వే అని కూడా చెబుతుంది. మిగిలిన 64 బిట్లను యంత్రం తనే నింపుకుంటుంది. లీజు ఇచ్చే సర్వరూ లేదు, లీజు పట్టికా లేదు. 134ను పారేస్తున్న యంత్రానికి ఇదేమీ అందదు.

చాలామంది గమనించని మరో నష్టం ఉంది. చిరునామా వాడేముందు యంత్రం ‘ఇది ఎవరిదైనా ఉందా’ అని 135తో అడిగి, సాధారణంగా ఒక సెకను ఎదురుచూస్తుంది. జవాబు రాకపోతే అది తనదే అనుకుంటుంది. 136ను ఆపేసిన యంత్రానికి నిశ్శబ్దం తప్ప ఏమీ వినిపించదు కాబట్టి, అదే చిరునామా మరొకరి దగ్గర ఉన్నా దానికి తెలియదు.

నాకు చివరికి కావలసి వచ్చింది ఒక్క వరుస.

```
ip6 hoplimit 255 icmpv6 type { nd-router-advert, nd-neighbor-solicit, nd-neighbor-advert } accept
```

ఇది చేర్చిన వెంటనే పట్టికలో `REACHABLE` వచ్చింది, రౌటర్ తదుపరి ప్రకటనతో చిరునామా కూడా తిరిగొచ్చింది.

డీహెచ్‌సీపీ పూర్తిగా పోయిందని మాత్రం అనుకోవద్దు. డీఎన్ఎస్ సర్వర్ల వివరాలను ఇప్పుడు రౌటర్ ప్రకటనలోనే పంపవచ్చు, కానీ ఏ చిరునామా ఏ యంత్రానిదో ఒకచోట రాసి ఉండాలనుకునే వారు డీహెచ్‌సీపీవీ6 పెట్టుకుంటారు. దానికీ ప్రకటనలో ఎం అనే ఫ్లాగ్ ఉండాలి, గేట్‌వే ఏదో ప్రకటనే చెప్పాలి. ‘డీహెచ్‌సీపీవీ6 పెట్టాను, గేట్‌వే ఎక్కడ రాయాలి’ అని అడిగేవారికి జవాబు చెప్పి చెప్పి విసిగిపోయాను. అందులో ఆ ఆప్షనే లేదు.

ఇక మీ సీనియర్ గారి భయం సంగతి. ఆ వరుసలోని 255ను చూపించండి. అది రౌటర్ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గే హాప్ లిమిట్. దారిలో ఒక్క రౌటర్ దాటినా ఆ సంఖ్య 254 అవుతుంది, అప్పుడు కెర్నెల్ కూడా ఆ సందేశాన్ని నమ్మదు. కాబట్టి బయటి నెట్‌వర్క్ నుంచి ఎవరూ దొంగ ప్రకటన పంపి పని జరిపించుకోలేరు. అదే లింక్‌లో కూర్చుని పంపేవాడు పంపగలడు, నిజమే. వాడిని ఆపవలసిన చోటు స్విచ్, అక్కడ ఆర్ఏ గార్డ్ పెడితే రౌటర్ లేని పోర్టుల నుంచి వచ్చే ప్రకటనలు అక్కడే ఆగిపోతాయి. ఏ సందేశాలను వదలాలో ఆర్‌ఎఫ్‌సీ 4890లో విడివిడిగా రాసి ఉంది, ఆయనకు అది పంపండి.