చిన్నాకి, ఆ మోనో రికార్డు కొనేముందు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మొదటి బోనస్ డబ్బుతో టర్న్‌టేబుల్ కొన్నావట. ఇప్పుడు లండన్‌లో ఎవరి దగ్గరో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' 1967 నాటి మోనో రికార్డు బేరమాడుతున్నావట. వాడికి మీ పిచ్చే వచ్చింది నాన్నా అని తిట్టింది. పైకి ఔనన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్రపట్టలేదు. నా మనవడు రెండు పక్కల నుంచి విడివిడిగా వినబడే స్టీరియో వదిలేసి, అంతా ఒకే చోటి నుంచి వచ్చే మోనో వెతుక్కుంటున్నాడని ఎంత సంతోషమో, అరిగిపోయిన రికార్డు నీ చేతిలో పెడతారేమోనని అంత భయం. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం.

ముందు చిన్న విషయాలు. రికార్డు మధ్య లేబుల్ మీద నంబరు చూడు. పీఎంసీ 7027 అయితే మోనో, పీసీఎస్ 7027 అయితే స్టీరియో. అట్టను నమ్మకు, యాభై ఏళ్లలో అట్టలూ రికార్డులూ తారుమారు అవుతాయి. పాటలు అయిపోయాక మధ్యలో నున్నగా ఉండే చోట గీసిన అక్షరాలు కూడా ఫోటో తీసి పంపమను. ఎక్స్‌ఈఎక్స్ అని మొదలైతే మోనో, వైఈఎక్స్ అయితే స్టీరియో.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను, ఇది నిదానంగా చదువు.

1972లో నేను బర్మింగ్‌హామ్‌లో ఒక ఆస్పత్రిలో జూనియర్ డాక్టర్ని. క్వార్టర్స్‌లో గదికో గ్రామఫోను ఉండేది. సెకండ్ హ్యాండ్ షాపులో కొన్న మోనో 'సార్జెంట్ పెప్పర్' నా దగ్గర ఉండేది. రాత్రి డ్యూటీ దిగి వచ్చాక అదే వినేవాణ్ణి. ఆ ఏడాది కొత్తగా స్టీరియో సెట్టు కొన్నాను, రెండు స్పీకర్లతో. రెండు స్పీకర్లున్నవాడికి మోనో రికార్డెందుకు అనిపించింది. పక్క గది డాక్టరు దగ్గర స్టీరియో కాపీ ఉండేది, అతని ప్లేయరుకి ఒకటే స్పీకరు. నా మోనో అతనికిచ్చి, పైన ఒక పౌండు కూడా పెట్టి, ఆ స్టీరియో తెచ్చుకున్నాను.

మొదటి పాట బాగానే అనిపించింది. గిటార్ ఒక పక్క నుంచి, గొంతులు ఇంకో పక్క నుంచి వస్తుంటే కొత్తగా ఉండి మురిసిపోయాను. 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' దగ్గరకొచ్చేసరికి ఏదో తేడా కొట్టింది. పాట ఈడుస్తున్నట్టుంది. నాకు తెలిసిన బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్నీ గొంతు కుర్రాడిది, ఇది నాలుగేళ్లు పెద్దవాడి గొంతులా ఉంది. ప్లేయరు తిప్పే బెల్టు వదులైందనుకుని కొత్త బెల్టు వేశాను. అయినా అంతే. స్పీడు చూసే చారల బిళ్ల ఒకటి ఉండేది, ప్లాటర్ మీద పెట్టి ట్యూబ్‌లైటు కింద తిప్పితే స్పీడు సరిగ్గా ఉన్నప్పుడు చారలు కదలకుండా నిలబడతాయి. నిలబడ్డాయి. మిషను తప్పేం లేదు, రికార్డే అలా ఉంది. హార్మోనియం తెచ్చి చూస్తే, మోనోలో నాకు గుర్తున్న శ్రుతికి ఇది ఒక మెట్టు కింద ఉంది.

రెండో వైపు చివర్లో టైటిల్ పాట మళ్లీ వస్తుంది కదా, అక్కడ మోనోలో ఆఖరున జనం గోలలోంచి పాల్ అరుపులు బాగా వినబడతాయి. స్టీరియోలో అవి దాదాపు లేవు. నాకు ఆ రికార్డులో అన్నిటికంటే ఇష్టమైన అర నిమిషం అదే. మర్నాడు పక్క గదికి వెళ్లి నా రికార్డు నాకిచ్చెయ్యమని అడగడానికి మొహం చెల్లలేదు. ఆలోచిస్తూ రెండు నెలలు గడిపాను. ఈలోగా అతను ఉద్యోగం మారి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు, రికార్డు కూడా వెళ్లిపోయింది. మళ్లీ ఆ అరుపులు వినడానికి నాకు 2009 దాకా పట్టింది, మోనో సీడీల పెట్టె వచ్చేదాకా. ముప్ఫై ఏడేళ్లు, చిన్నా.

ఎందుకు అంత తేడా ఉందో తర్వాత తెలిసింది. 1967లో ఇంగ్లండ్ కుర్రకారు ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా ఒక స్పీకరు ప్లేయర్లే. రేడియో కూడా మోనోయే. అందుకని బీటిల్స్‌కి అసలు రికార్డంటే మోనోయే. గొంతులూ వాయిద్యాలూ సరితూచి కలిపే ఆ మిక్సింగు వాళ్లు దగ్గరుండి, వారాల తరబడి చేయించుకున్నారు. ఇక్కడ గొంతు కాస్త పెంచు, ఇక్కడ టేపు స్పీడు పెంచు, ఇక్కడ ఎకో పెట్టు అని వాళ్లు చెప్పిందంతా మోనో టేపు మీదికి ఎక్కింది. అది అయ్యాక, నిర్మాత జార్జ్ మార్టినూ ఇంజనీర్లూ కూర్చుని కొద్ది రోజుల్లో స్టీరియో పూర్తి చేశారు, బీటిల్స్ నలుగురూ లేకుండా. 'షీ ఈజ్ లీవింగ్ హోమ్'కి మోనోలో పెంచిన స్పీడు స్టీరియోలో పెంచలేదు. నా బెల్టు చేసిన నేరం ఏమీ లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. అప్పుడు వాళ్ల రికార్డింగు మిషన్లు నాలుగు ట్రాకులవి, అంటే ఒకే టేపు మీద నాలుగు శబ్దాలు విడివిడిగా పెట్టుకునేవి. నాలుగూ నిండిపోతే, వాటిని కలిపి ఇంకో టేపు మీద ఒకటో రెండో ట్రాకులుగా ఎక్కించి, ఖాళీ అయిన వాటి మీద మళ్లీ పాడేవాళ్లు. ఒకసారి అలా కలిసిన డ్రమ్సూ బేసూ గిటారూ మళ్లీ విడిపోవు, కలిపిన పులుసులోంచి చింతపండు తీయలేనట్టు. స్టీరియో చేసేటప్పుడు ఆ ముద్దనంతా ఎడమకో కుడికో నడిమికో నెట్టడమే. అందుకే అరవైల స్టీరియోలో డ్రమ్స్ మొత్తం ఒక మూలకి పోయి, గొంతు ఇంకో మూల ఒంటరిగా నిలబడుతుంది. 1965 నాటి 'రబ్బర్ సోల్' పాత స్టీరియో హెడ్‌ఫోన్స్‌లో విను, గొంతులు కుడి చెవిలో, వాయిద్యాలు ఎడమ చెవిలో. మొదటి రెండు రికార్డుల్లో ఉన్నవి రెండే ట్రాకులు. గొంతు ఒకదాంట్లో, వాయిద్యాలు ఇంకోదాంట్లో పెట్టుకున్నది మోనోలో రెండిటినీ సరితూచి కలపడానికి. మోనోలో బేసూ డ్రమ్సూ గొంతూ ఒకే చోటి నుంచి వస్తాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ. రాక్ పాటకి ఆ తోపులాటే బలం.

మీ అమ్మ అంది, ఆంప్లిఫయరులో మోనో బటన్ ఉందట కదా, అది నొక్కుకుంటే సరిపోదా అని. చాలదమ్మా అని చెప్పు. ఆ బటన్ రెండు పక్కల శబ్దాన్నీ కలిపేస్తుందంతే. రెండు పక్కలా సమానంగా ఉన్న నడిమి గొంతు అప్పుడు పైకి లేస్తుంది, ఒక పక్కే ఉన్న గిటార్ వెనక్కి పోతుంది. పాట స్పీడు మారదు, పాల్ అరుపులు రావు. అది మోనోలో వినబడుతున్న స్టీరియో మిక్సు. అరవైల చివర్లో కొన్ని కంపెనీలు ఇలాగే స్టీరియోని కలిపేసి మోనో అని అమ్మాయి. బీటిల్స్ 'ఎల్లో సబ్‌మెరీన్' మోనో ఎల్పీ కూడా అలాంటిదే. దానికి ఎక్కువ డబ్బు పోయకు. 'అబ్బే రోడ్'కైతే ఇంగ్లండ్‌లో మోనో రానే లేదు. ఎవరైనా అమ్మజూపితే దణ్ణం పెట్టు.

అలాగని మోనో ఉంది కదా అని స్టీరియో అమ్మేయకు. 1968 'వైట్ ఆల్బమ్'లో 'హెల్టర్ స్కెల్టర్' మోనోలో మూడున్నర నిమిషాలే, స్టీరియోలో దాదాపు నాలుగున్నర. చివర్లో వేళ్ల మీద బొబ్బలెక్కాయని డ్రమ్మరు రింగో అరిచేది స్టీరియోలోనే ఉంది. నేను ఒకటిచ్చి ఒకటి తెచ్చుకుని చెడ్డాను. నువ్వు రెండూ ఉంచుకో.

ఇక నన్ను పడుకోనివ్వని సంగతి. ఆ రోజుల్లో ప్లేయర్ల సూదులు బరువు. కుర్రాళ్లు పార్టీల్లో అరగదీసిన రికార్డులవి. పైకి అద్దంలా మెరుస్తుంది, గాడి లోపల గోడలు అరిగిపోయి ఉంటాయి. ఫోటోలో అది కనబడదు. రికార్డు ఎంత బాగుందో చెప్పే గ్రేడ్ కంటితో చూసి ఇచ్చావా, మోగించి ఇచ్చావా అని అమ్మేవాణ్ణి అడుగు. మోగించానంటే 'ఎ డే ఇన్ ద లైఫ్' రికార్డు చేసి పంపమను. అది రెండో వైపు ఆఖరి పాట, గాడి అన్నిటికంటే బిగుసుకుపోయి ఉండే చోటు. నలభైమంది ఆర్కెస్ట్రా కింది నుంచి పైకి ఎగబాకుతుంది చూడు, అరిగిన రికార్డైతే ఆ ఎక్కుడులో శబ్దం చిరిగిపోతుంది, కాగితం చింపినట్టు బరబరమంటుంది. దుమ్ము వల్ల వచ్చే చిటపటలు వేరు, అవి కడిగితే తగ్గుతాయి. ఈ బరబర ఎంత కడిగినా పోదు. అది వినిపిస్తే డబ్బు పంపకు. పంపనని నాకు మాటివ్వు. బేరం కుదరకపోతే 2014లో వచ్చిన మోనో ఎల్పీలు వెతుకు. పాత మాస్టర్ టేపుల నుంచి, మధ్యలో డిజిటల్ లేకుండా అబ్బే రోడ్‌లోనే కోశారు. వాటిలో ఈ అరుగుదల భయం తక్కువ.

నీ స్టీరియో సూదితో మోనో రికార్డు నిక్షేపంగా వాయించుకోవచ్చు. మోనో బటన్ పనికొచ్చేది ఇక్కడే. మోనో గాడి అటూ ఇటూ మాత్రమే ఊగుతుంది. పైకీ కిందకీ కదిలేదంతా దుమ్మూ గీతలే. బటన్ నొక్కితే ఆ చప్పుడు చాలావరకు పోతుంది. దీనికి తిరగేసింది మాత్రం ఎప్పుడూ చేయకు. మన ఇంట్లో అటక మీదున్న పాత మోనో ప్లేయరు మీద నీ స్టీరియో రికార్డు పెట్టకు. స్టీరియో గాడి పైకీ కిందకీ కూడా ఊగుతుంది, దాని సూది అలా ఆడదు, గాడిని దున్నేస్తుంది.

నా కుడి చెవి మూడేళ్ల కింద పూర్తిగా పోయిందని నీకు తెలుసు. అప్పట్నుంచి నాకు స్టీరియో రికార్డుల్లో సగం పాటే అందుతోంది. మోనోలో ఒక చెవికే మొత్తం అందుతుంది. బీచ్ బాయ్స్ బ్యాండు బ్రయాన్ విల్సన్‌కి చిన్నప్పటి నుంచీ కుడి చెవి దాదాపు వినబడేది కాదు. 1966లో 'పెట్ సౌండ్స్' ఆయన మోనోలోనే చేశాడు. చెవి పోయిన కొత్తలో నేను అది ఒక్కటే వినేవాణ్ణి. అమ్మమ్మ పక్కన కూర్చుని ఏమీ అనేది కాదు.

సంక్రాంతికి విశాఖ వచ్చేటప్పుడు రికార్డు బ్యాగులో పెట్టకు, నిలువుగా చేత్తో పట్టుకుని రా. నా సెట్టులో ఇప్పుడు ఒక స్పీకరే పనిచేస్తోంది, మనకి అది చాలు. దాన్ని కిటికీ పక్కకి జరిపి ఉంచుతాను. నువ్వు నా ఎడమ పక్కన కూర్చో. ఆ అరుపులు వచ్చినప్పుడు నువ్వేమన్నా నాకు వినబడాలి.

మీ తాతయ్య