మావయ్య కొట్లో లెక్కలు రాయడం అనుభవం కిందికి వస్తుందా?

ప్రశ్న: నేను గుంటూరులో బీకామ్ ఫైనలియర్. స్పోకెన్ ఇంగ్లిష్ వర్క్‌షీట్‌లో అకౌంట్స్ అసిస్టెంట్ ఇంటర్వ్యూ సంభాషణ రాయమన్నారు. స్ట్రెంగ్త్స్ అంటే హార్డ్ వర్కింగ్ అని రాశాను. ఎక్స్‌పీరియన్స్ ఏమీ లేదు. ఎనిమిది నెలల నుంచి సాయంత్రాలు మా మావయ్య మిర్చియార్డు కమీషన్ కొట్లో లెక్కలు రాస్తున్నాను, అంతే. ఏం రాయాలి సార్?

జవాబు: ఆ "అంతే" అన్నదే రాయండి. అకౌంట్స్ ఉద్యోగానికి అంతకన్నా దగ్గరి పని ఇంకేముంది?

మీవాళ్లందరూ పొరపాటు పడేది మొదటి వాక్యంలోనే. "ఎనిమిది నెలల నుంచి చేస్తున్నాను" అని మనసులో అనుకుని, "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ ఎయిట్ మంత్స్" అనేస్తారు. మన "నుంచి" రెండు పనులు చేస్తుంది, ఇంగ్లిష్‌లో వాటికి రెండు మాటలున్నాయి. ఎంతకాలమో చెబితే ఫర్, ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్. పని ఇంకా నడుస్తోంది కాబట్టి "హావ్ బీన్ వర్కింగ్" రావాలి. మానేసి ఉంటే "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ ఎయిట్ మంత్స్" చాలు.

ఇక "హార్డ్ వర్కింగ్" తీసేయండి. అది అందరూ చెప్పేదే, పైగా దాన్ని రుజువు చేయలేం. లెక్క సరిచూసిన ఒక్క సంఘటన చెప్పండి. సంభాషణ ఇలా నడవొచ్చు:

— డూ యూ హావ్ ఎనీ ఎక్స్‌పీరియన్స్?
— యెస్ సార్. ఐ హావ్ బీన్ వర్కింగ్ ఇన్ మై అంకుల్స్ కమిషన్ షాప్ ఫర్ ఎయిట్ మంత్స్. ఐ రైట్ ద సేల్ స్లిప్స్ ఫర్ ఫార్మర్స్. వుయ్ కాల్ దెమ్ తక్‌పట్టీలు.
— వాట్ ఈజ్ యువర్ స్ట్రెంగ్త్?
— ఐ చెక్ ఎవ్రీ ఫిగర్ ట్వైస్. వన్స్ ద స్లిప్ సెడ్ ఫార్టీ టూ బ్యాగ్స్, బట్ ద వెయింగ్ బుక్ సెడ్ ఫార్టీ ఫోర్. ఐ ఫౌండ్ ఇట్ బిఫోర్ వుయ్ పెయిడ్ ద ఫార్మర్.
— హౌ డిడ్ యూ ఫైండ్ ఇట్?
— ఐ కంపేర్ బోత్ బుక్స్ ఎవ్రీ ఈవెనింగ్, లైన్ బై లైన్.

చివరి ప్రశ్న నేను కావాలనే పెట్టాను. వర్క్‌షీట్లలో ఒక ప్రశ్న, ఒక జవాబు, అంతటితో సరి. అసలు ఇంటర్వ్యూలో మాత్రం మీ జవాబులోంచే తర్వాతి ప్రశ్న పుడుతుంది. కల్పించి చెప్పినవాళ్లు అక్కడే నీళ్లు నములుతారు. చివరి రెండు జవాబుల్లో కాలం మారడం కూడా చూడండి: ఒకసారి జరిగింది "ఫౌండ్", రోజూ చేసేది "కంపేర్". రెండిట్నీ ఒకే కాలంలో చెబితే అది అలవాటో, ఒక్కసారి జరిగిందో అవతలివాళ్లకు తెలియదు.

42, 44 టిక్కీలు నేను ఉదాహరణకు వేసుకున్నవి. మీ కొట్లో నిజంగా జరిగింది గుర్తు చేసుకుని రాయండి. రాశాక మీ మావయ్యకు తెలుగులో చెప్పి వినిపించండి. ఆయన "అలా జరగలేదే" అన్న వాక్యం కొట్టేయండి.